వెంకటప్పయ్య మూసిన తూము

పల్లె వదిలి భవానీపురంలో ఇల్లు కట్టుకుని ఇరవై ఏళ్లయినా, పందికొక్కుల విషయంలో తనను మించినవాడు డెల్టాలో లేడని వెంకటప్పయ్య నమ్మకం. కంకిపాడు చేలల్లో కలుగులు తవ్విన చేతులవి. అందుకే ఆ ఆదివారం పొద్దున వంటింటి తూము బయట రాత్రికి రాత్రి లేచిన మట్టికుప్పను చూడగానే, కాఫీ కూడా తాగకుండా రంగంలోకి దిగాడు. సిమెంటులో గాజుపెంకులు కలిపి తూము కాస్తా మూసేశాడు.

"మామయ్యగారూ, అది లోపలే ఉందేమో చూశారా?" అంది కోడలు సింధూరి.

"పగలు వంటింట్లో ఉంటుందా అమ్మా? పందికొక్కు గురించి నాకే చెబుతావా!"

అంతటితో ఊరుకోలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి తన పనితనం చూడమని వీధిలో పదిమందిని పిలిచి వచ్చాడు. ఎదురింటి అచ్యుతరామారావుగారైతే వాళ్ల తూము కూడా మూసిపెట్టమన్నారు.

పందికొక్కు మాత్రం ఫ్రిజ్ వెనక వెచ్చగా నిద్రపోతోంది. అర్ధరాత్రి బియ్యం బస్తా కొరికి, కడుపు నింపుకుని తూము దగ్గరకు వెళ్లింది. దారి లేదు.

"ఏవండీ, వంటింట్లో పంది గుర్రుమంటోందండీ!" అని మాణిక్యం భర్తను లేపింది.

కొడుకు పవన్‌కుమార్ నైట్ డ్యూటీలో ఉన్నాడు. వెంకటప్పయ్య కర్ర పట్టుకుని వెళ్లి లైటు వేశాడు. పిల్లి అంత జంతువు, వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకుని గుర్రుమంది. ఒక్క దెబ్బ వేశాడు. ఆ దెబ్బ స్టీలు డబ్బాల స్టాండుకు తగిలి, పోపుగింజలతో సహా అన్నీ నేలమీద పడ్డాయి. పందికొక్కు గోడవారనే ఆయన వైపు పరుగెత్తింది. అరవై రెండేళ్ల వయసులో ఎవరి సాయమూ లేకుండా ఆయన పొయ్యిగట్టు ఎక్కేశాడు. అది గ్యాస్ సిలిండరు వెనక దూరింది.

"ట్యూబు కొరికేస్తుందేమో!" అని మాణిక్యం కేక పెట్టింది.

సింధూరి వచ్చి, చెయ్యి చాచి రెగ్యులేటరు కట్టేసింది. "కర్ర పడేయండి మామయ్యగారూ. అది మన మీదకి రావట్లేదు, దారి వెతుక్కుంటోంది."

"నీకెలా తెలుసమ్మా?"

"మా నాన్న రైసుమిల్లు గుమాస్తా కదండీ. గోడౌను పక్కనే పెరిగాను. ఇది గోడ పట్టుకునే నడుస్తుంది, నడిమధ్యకి రాదు. ఉన్న దారి మీరు మూసేశారు. ఇంకోటి ఇవ్వాలి."

పెరటి తలుపు తెరిచింది. మడతమంచాన్ని గోడకు జానెడు ఎడంగా, సిలిండరు నుంచి గుమ్మం దాకా పక్కకు నిలబెట్టి సందు చేసింది. లైటు ఆర్పి, "ఎవరూ మాట్లాడకండి" అంది. ఎంతసేపు నిలబడ్డారో! చివరికి సందులో గోళ్ల చప్పుడు టకటకమంటూ సాగి, పెరట్లో ఆగిపోయింది. సింధూరి తలుపు గడియ పెట్టింది.

తెల్లారి వీధి వీధంతా వచ్చింది. కోడలు ఏమీ ఎరగనట్టు అందరికీ కాఫీలు ఇస్తూ, "మామయ్యగారే తోలేశారండి" అంది.

ఆ మాట వినలేకపోయాడు వెంకటప్పయ్య. "అబద్ధమండీ! దాన్ని లోపల పెట్టి తూము మూసింది నేను. తోలింది మా కోడలు! ఇలాంటి పిల్ల మా ఇంటికి రావడం మా అదృష్టం," అన్నాడు గర్వంగా.

సాయంత్రానికి ఆయన కథలో పందికొక్కు మేకపిల్లంత అయింది గానీ, గట్టెక్కి నిలబడ్డ మనిషి మాత్రం అందులో ఎక్కడా లేడు.