ఫోటో కింద సుంకప్ప మాట

ఆ రోజు పొద్దున సుంకప్ప పెట్టుకున్న పని ఒక్కటే. మండల కేంద్రానికి పోయి విత్తన వేరుశనగ తెచ్చుకోవాలి. ముందురోజు రాత్రి వాన పడింది. తన ఊరు రాళ్ళకుంటలో పైరు పెట్టి, అది ఎండిపోతుంటే చూస్తూ కూర్చోవడం వరుసగా మూడేళ్ళు జరిగింది. ఈసారి భూమిలో పదును ఆరకముందే విత్తనం పడాలి. పడకపోతే నాలుగో ఏడు ఎండిపోవడానికి పైరు కూడా ఉండదు. సబ్సిడీ విత్తనం తప్ప ఊర్లో ఎవడి గాదెలోనూ గింజ లేదు. ఉన్న గింజలు ఎప్పుడో వేయించుకుని తినేశారు.

గోనె సంచి చంకలో, పాసుబుక్కు జేబులో పెట్టుకుని సుంకప్ప ఉరవకొండ నుంచి వచ్చే బస్సు పట్టుకుని మండల కేంద్రంలో దిగాడు. బస్టాండు పక్కనే షామియానా, షామియానా కింద మనుషుల వరస. కరువు సీమలో వరస కనిపిస్తే ముందు నిలబడాలి, ఎందుకని తర్వాత అడగాలి. అడిగేలోపు స్టాకు అయిపోతుంది. సుంకప్ప నిలబడ్డాడు.

బల్ల దగ్గరికి చేరేసరికి తెల్లకోటు వేసుకున్న అమ్మాయి తల ఎత్తకుండా అడిగింది. "బరువెంత?"

"మూట ముప్పై కేజీలు గదా పాపా. నాకు రెండు మూటలు రాయి."

"మూటలు కాదన్నా. నువ్వు మిషనెక్కు."

ఈ ఏడు రైతును తూచి విత్తనం ఇస్తారు కాబోలని సుంకప్ప మిషనెక్కాడు. గవర్నమెంటు ఏ కొర్రీ పెట్టినా ఆశ్చర్యపోవడం అతడు ఎప్పుడో మానేశాడు. బరువు చాలింది. చేతికి పట్టీ చుట్టి బీపీ చూశారు.

"కామెర్లు వచ్చినాయా? ఈ మధ్య మలేరియా? రాత్రి తాగినావా?"

"తాగేదానికి మా ఊర్లో నీళ్ళే లేవు పాపా."

"పొద్దున తిన్నావా?"

"సంగటి తిన్నా. అది కూడా రాసుకుంటారా?"

వేలి కొసన సూది గుచ్చి, సన్నటి గొట్టంతో ఒక చుక్క తీసి, నీలం రంగు నీళ్ళున్న సీసాలో వదిలారు. చుక్క నేరుగా అడుక్కి పోయింది.

"మునిగింది," అన్నాడు సుంకప్ప దిగులుగా.

"మునిగితేనే మంచిదన్నా. రక్తం చిక్కగా ఉన్నట్లు. తేలితే పలచగా ఉన్నట్లు, అప్పుడు మేము తీసుకోం."

"తీసుకునేదేంది? విత్తనాలు యాడ?"

ఆ అమ్మాయి అప్పుడు తల ఎత్తింది. పేరు హేమలత, జిల్లా రక్తనిధిలో టెక్నీషియన్. "ఇది రక్తదానం క్యాంపన్నా, ఈ వారమంతా ఉంటాది. విత్తనాలిచ్చేది మార్కెట్ యార్డులో. లారీ ఇంకా రాలేదంట. తెలీక వచ్చినావు, పో, ఎవరూ ఏమీ అనుకోరు."

సుంకప్ప సంచి సర్దుకుని వెనక్కి తిరిగాడు. ఆ అమ్మాయి బతిమాలి ఉంటే పోయేవాడే. పుణ్యం వస్తుందని చెప్పి ఉంటే ఇంకా తొందరగా పోయేవాడు. ఆమె ఏమీ అనలేదు. అందుకే ఆగాడు.

"ఎవరికి పోతాదది?"

"తెలీదు. కాన్పు కష్టమైన ఆడమనిషికి పోవచ్చు. లారీ గుద్దినోనికి పోవచ్చు. నీ పేరు వాళ్ళకు చెప్పం, వాళ్ళ పేరు నీకు చెప్పం."

మూడేళ్ళుగా సుంకప్ప చెయ్యి చాచడమే. బియ్యం కూపన్‌కు చాచాడు, పశువుల మేతకు చాచాడు, ట్యాంకర్ నీళ్ళకు చాచాడు. నీ దగ్గర పనికొచ్చేది ఒకటుందని ఒక్క నాకొడుకూ అనలేదు. ఈ నీలం నీళ్ళ సీసా అంది.

"ఎక్కడ పండుకోవాల?" అన్నాడు.

మోచేతి పైన పట్టీ బిగించి, అరచేతిలో మెత్తటి బంతి పెట్టి, పిసుకుతూ ఉండమన్నారు. సూదిని చూడగానే సుంకప్ప కళ్ళు మూసుకున్నాడు. దిగేటప్పుడు చురుక్కుమంది, అంతే. తర్వాత ముంజేతి మీద ఆనిన ప్లాస్టిక్ గొట్టం వెచ్చగా తగిలింది. తన ఒంటి వేడి తనకే బయటినుంచి తగలడం వింతగా అనిపించింది. గడ్డ కట్టకుండా సంచిలో ముందే మందు ఉంటుందట. రక్తం దానితో కలవాలని ఒకడు సంచిని ఊయల ఊపినట్టు మెల్లగా ఊపుతున్నాడు. మూడు వందల యాభై మిల్లీలీటర్లు నిండగానే ఆపేశారు. దూది పెట్టి చెయ్యి మడిపించి, కాసేపు లేవొద్దన్నారు. బిస్కెట్లు, పండ్లరసం ఇచ్చారు.

"ఈ పొద్దు బరువులు ఎత్తొద్దు. నీళ్ళు బాగా తాగు. మళ్ళీ ఇవ్వాలనుకుంటే మూడు నెలలాగు."

"ఆ నీళ్ళ సంగతి మీ కలెక్టరుకు చెప్పు పాపా."

మొదటిసారి ఇచ్చినవాళ్ళ ఫోటో తీసి, కింద వాళ్ళ మాట రాసి, షామియానా ముందు బోర్డుకు అంటిస్తున్నారు. అంతవరకూ అంటించినవన్నీ ఒకే పాట. మీరూ ఇవ్వండి, ముందుకు రండి, మేలుకోండి. చదివి చదివి హేమలతకు విసుగొచ్చింది. "ఊరోళ్ళకు నీతులొద్దన్నా. నీకెట్లుండాదో అది చెప్పు."

సుంకప్ప చెప్పాడు. ఆమె అక్షరం మార్చకుండా రాసింది.

'విత్తనాలకని వచ్చి రక్తమిచ్చి పోతాండా. సూదికి భయపడినా. మూడేండ్లకు నేనొకరికి ఇచ్చినా. కడుపు నిండినట్లుండాది.'

సాయంత్రం దాకా విత్తనాల లారీ రాలేదు. అయినా సుంకప్ప ఖాళీ సంచితో నవ్వుకుంటూ ఇంటికి పోయాడు. అతడి సుఖం అంతటితో సరి.

బోర్డు ముందు విలేకరి పెద్దన్న ఆగాడు. నాలుగు వాక్యాలు చదివే తీరిక ఏ విలేకరికీ ఉండదు. మొదటి వాక్యం చదివి నేరుగా ఫ్యాక్స్ దగ్గరికి పరుగెత్తాడు. మరుసటి పొద్దున జిల్లా పేజీలో సుంకప్ప ఫోటో పడింది. పైన ఇంతేసి అక్షరాలు: 'విత్తనాలకు రక్తం!'

రాళ్ళకుంటలో పేపరు వచ్చేది ఒక్క టీ హోటలుకే. అక్కడ చదివింది సుంకప్ప ఇంటికి చేరేసరికి దానికి కాళ్ళూ చేతులూ వచ్చాయి. రక్తమిస్తే విత్తనాలు ఇస్తున్నారు, సుంకప్పకు ఇచ్చేశారు, ఊరికి చెప్పకుండా దాచుకున్నాడు.

"ఏమప్పా, మూటలు యాడ పెట్టినావు?" అంది పెండ్లాం మారెక్క.

"ఏ మూటలే?"

"పేపర్లో పడితే ఇంకా దాస్తావే! నీ అక్క ఇంట్లో దించొచ్చినావు గదా?"

"నేను ఊరికే ఇచ్చినానే."

"ఊరికేనా! ఊరికే ఎవురన్నా ఏమన్నా ఇస్తారా ఈ కాలంలో? అబద్ధమన్నా అతికేట్లు చెప్పు."

ఊరు వచ్చి అటక వెతికింది, గడ్డివామి పొడిచి చూసింది. ఏమీ దొరకలేదు. దాంతో అనుమానం ఇంకా ముదిరింది. మధ్యాహ్నానికి రెండు ట్రాక్టర్ల జనం ఖాళీ సంచులతో క్యాంపు ముందు దిగారు. వాళ్ళను ఆపాలని సుంకప్ప కూడా ఎక్కాడు. ట్రాక్టరులో అతడి మాట విన్నది ఇంజను ఒక్కటే.

ముందు నిలబడిన భద్రమ్మ చెయ్యి చాచింది. "తీసుకో పాపా. ఎంత కావాలంటే అంత తీసుకో. మా ఇంటికి మూడు మూటలు."

హేమలత కుర్చీలోంచి లేచింది. "అవ్వా, ఈడ విత్తనాల్లేవు. బదులు ఆశపడి ఇచ్చే రక్తం మేము తీసుకోకూడదు. అమ్మేది, కొనేది ఎప్పుడో మూసేసినారు."

"సుంకప్ప కాడ తీసుకుంటిరి గదా! వానిది ఏమన్నా పాలా, మాది గంజినీళ్ళా?"

"నేను ఊరికే ఇచ్చినాను తల్లీ!" అని సుంకప్ప బొబ్బ పెట్టాడు.

"నువ్వు గమ్మునుండు, మూటల దొంగ."

వయసు దాటిన భద్రమ్మను పరీక్ష చేయడానికే లేదు. అయినా సుంకప్ప దగ్గర పరీక్ష చేసి తీసుకున్నదే గాని మూటలకు కాదని నమ్మించాలని హేమలత నీలం సీసా తీసింది. వరసగా ఆడవాళ్ళ వేళ్ళు గుచ్చింది. మారెక్క చుక్క తేలింది. మారెక్క వెనక ఆమె చుక్క తేలింది. ఆ వెనక ఆమెదీ తేలింది. మగవాళ్ళలోనూ సగంమందివి తేలాయి, కొందరికి బరువే చాలలేదు. విత్తనాల మూటల కోసం కొట్లాడుతున్నవాళ్ళు ఒక్కొక్కరే నోరు మూసుకున్నారు. చుక్క సీసాలో పైపైనే నిలబడి ఉంటే దాన్ని చూస్తూ అందరూ నిలబడ్డారు.

"నాది ఎందుకు మునగలేదు పాపా?" అని మారెక్క మెల్లగా అడిగింది.

"ఏం తింటాండావక్కా?"

మారెక్క గుచ్చిన వేలిని కొంగుతో తుడుచుకుంది. సుంకప్ప నేల చూశాడు. సంగటి ముద్ద ఎవరి గిన్నెలో పెద్దదిగా పడుతోందో అతడికి ఆ పొద్దే తెలిసింది.

విత్తనాలు లేవని అప్పటికి అందరూ నమ్మారు. చుక్క మునిగినవాళ్ళు కొందరు మాత్రం సంచులు కింద పడేసి, "వచ్చినాం గదా, ఊరికేనే తీసుకో," అని పండుకున్నారు. హేమలత ఒక్కొక్కరినీ రెండేసి సార్లు అడిగి మరీ తీసుకుంది.

అంతలో ప్రతిపక్షం చిన్నప్ప జెండాలతో దిగాడు. సుంకప్పను భుజాలకెత్తించి, "రైతు రక్తం తాగే ప్రభుత్వం నశించాల!" అని అరిపించాడు.

"అన్నా, దించన్నా, కళ్ళు తిరుగుతాండాయి."

"చూసినారా! నిలబడేదానికి కూడా శక్తి లేదు!"

గొడవ విని ఎమ్మార్వో జీపులో వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి. కరువు పరిశీలన బృందం రేపే వస్తుంది. ఈ మండలం కరువు జాబితాకెక్కితేనే విత్తనాల లారీ ఇటు తిరుగుతుంది. ఎక్కితే, కరువుందని ముందుగా ఎందుకు చెప్పలేదని పైవాళ్ళు ఎమ్మార్వో మెడ పట్టుకుంటారు. దిగీ దిగగానే బోర్డు చదివాడు. విలేకరి మొదటి వాక్యం దగ్గర ఆగితే ఈయన చివరి వాక్యం దగ్గర ఆగాడు. ముఖం వెలిగింది.

"మీరేనా సుంకప్ప గారూ? ఎంత బాగా చెప్పారండీ! కడుపు నిండినట్లుందా! చిన్నప్పగారూ, విన్నారా, మీ రైతు కడుపు నిండిందని ఆయనే చెప్తున్నాడు."

"అయ్యా, అది మనసు మాట. కడుపు మాట కాదు," అన్నాడు సుంకప్ప.

"రెండు ట్రాక్టర్ల జనం స్వచ్ఛందంగా తరలివచ్చారు. ఒంట్లో ఉంటేనే కదండీ ఇస్తారు!"

సుంకప్ప అతడి చెయ్యి పట్టుకుని సీసా దగ్గరికి లాక్కుపోయాడు. "ఈడ చూడు సామీ. మా ఆడోళ్ళ చుక్కలు తేలినాయి. నా పెండ్లాందీ తేలింది. ఇది రాయి మీ బృందానికి. బోర్డు మీద నా మాట కాదు, ఇది రాయి."

ఎమ్మార్వో ఓపికగా వివరించాడు. "ఇచ్చినవాళ్ళ రక్తం సంచుల్లో ఉంది, చూపించొచ్చు. ఇవ్వనివాళ్ళది ఏం చూపించమంటారు?"

బృందం వచ్చింది, సంచుల ఫోటోలు చూసింది, మెచ్చుకుని పోయింది. చిన్నప్ప ఇంకో ఊరి ధర్నాకు పోయాడు. రాళ్ళకుంట పొలాల్లో పదును ఆరిపోయింది. క్యాంపు ఎత్తేస్తున్న రోజు హేమలత ముఖం చెల్లక అడిగింది. "నీ ఫోటో చించేయనా అన్నా? నా రాతే ఊరి నోట్లో మన్ను కొట్టింది."

సుంకప్ప లేచిన ఫోటో అంచును వేలితో నొక్కి అంటించాడు. "వద్దులే పాపా. దాంట్లో అబద్ధమేం లేదు గదా. ఆ పొద్దు నాకట్లే ఉన్నింది."

విత్తనాల లారీ పక్క మండలానికి పోయింది; అక్కడ ఎవరూ ఒక్క చుక్క కూడా ఇవ్వలేదు కాబట్టి కరువు ఉన్నట్టు రుజువైంది.