వరహాలయ్య చాలీసా

మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన వినతిపత్రాలన్నిటిలోకీ చాలీసాయే ఉత్తమమని కొండదారుల ఆమోద విభాగం గత వేసవిలో ప్రకటించింది. అరకు లోయ పైనున్న గ్రామాలు రోడ్డు అడగాలంటే ఇకపై నమూనా 40లోనే అడగాలి. (నమూనా 39 దండకం. అది పొడుగెక్కువని రద్దు చేశారు.)

పనసగరువు బడిలో తెలుగు చెప్పే నూకరత్నం ఆ ప్రకటనను మూడుసార్లు చదివింది. ఊరి నుంచి తారురోడ్డుకు మూడు కిలోమీటర్ల కాలిబాట. కిందింటి మంగ్లు కూతురు సుమకు ఏడో నెల. వానలు పడితే ఆ బాట బురద కాలువ.

"టీచరమ్మా, ఏటి అడుగుతన్నారు ఆలు?" అన్నాడు మంగ్లు.

"దేవుడి మీద రాసినట్టు ఆఫీసరు మీద పాట రాయాలట, మంగ్లూ."

"అయితే బేగి రాసీ తల్లీ. పిల్లది బరువైపోతంది."

నూకరత్నం రాసింది. ముందు దోహా అనే రెండు పాదాల పద్యం, అది తప్పనిసరి. పాదానికి పదమూడు మాత్రలు, విరామం, తర్వాత పదకొండు. 'కాగితాల కడలి లోపల, వెలుగు నీ సంతకాలు' అని వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. ఆ తర్వాత నలభై చరణాలు. ఒక్కోటి పదహారు మాత్రలు, నాలుగు నాలుగ్గా విరగాలి, రెండేసి చరణాలకు చివర ప్రాస కలవాలి. జయజయధ్వానంతో మొదలుపెట్టింది:

జయ జయ వరహాలయ్య దయానిధి
కొలతల దేవుడు కొండకు పెన్నిధి

పద్ధతి ప్రకారం తర్వాత రూపవర్ణన. కళ్ళజోడు, టోపీ, జీపు కలిసి ఎనిమిది చరణాలు లాగాయి. ఆ పైన మహిమలు రావాలి. దేవుళ్ళకైతే సముద్రాలు దాటడం, రాక్షసులను చంపడం ఉంటాయి. పాటలో వరహాలయ్య అయిన విభాగపు అధికారి వరహాలరావు గారు పనసగరువుకు చేసింది పదకొండు సర్వేలు. ఇరవైకి పైగా చరణాలు నిండాలి. పాపం, ఏం చేస్తుంది?

సర్వే చేసిన సామీ జయజయ
సర్వే మళ్ళీ చేసిన జయజయ

ఇలా పదకొండు సర్వేలకూ ఇరవై రెండు చరణాలు వచ్చాయి. ఫలశ్రుతికి రెండు ఉంచగా ఇంకా ఆరు మిగిలితే నాలుగింటిలో ఎప్పుడో పాతిన శంకుస్థాపన రాయిని పొగిడి, తక్కిన రెండింటిలో ఆనవాయితీ ప్రకారం తన పేరు చొప్పించింది. (పేరు పక్కన ఉద్యోగి సంఖ్య లేదని ఒకసారి తిప్పి పంపారు.) ఆఖరున ఫలశ్రుతి:

నలభై చదివిన నరునికి త్వరలో
వాకిట రోడ్డే వచ్చును ఇలలో

పదిహేను రోజులకు జవాబొచ్చింది. స్తుతి తృప్తికరం. ఫలశ్రుతి మాత్రం హామీ అవుతుంది గనుక పై అనుమతి లేకుండా స్వీకరించరాదు. తీసేద్దామంటే, ఫలశ్రుతి లేనిది చాలీసా కాదని నమూనా 40 నాలుగో నియమం. నూకరత్నం కోపంతో ఆఫీసుకు వెళ్ళింది.

వరహాలరావు గారు చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. "అమ్మా, మీ కవిత్వానికి దెబ్బ తగలనివ్వం" అని, 'ఇలలో' కొట్టేసి 'కలలో' అని రాశాడు. "చూడండి, మాత్రలు చెడలేదు."

నిజమే, చెడలేదు. ఆ ముక్కకు ఆమెకు ఏడుపొచ్చింది.

ఈలోగా వానలొచ్చాయి, సుమకు నెలలు నిండాయి. ఒక ఉదయం సుమకు నొప్పులు మొదలయ్యాయి. డోలీ కట్టి మంగ్లు, మరో ముగ్గురు భుజాన ఎత్తారు. బురదలో అడుగులు కలవక డోలీ అటూ ఇటూ ఊగుతుంటే సుమ కేకలు పెట్టింది.

"టీచరమ్మా, అడుగు కలిపీలాగ ఏదోటి పాడు" అన్నాడు మంగ్లు రొప్పుతూ.

నూకరత్నం నోటికి అప్పుడు వచ్చింది అదొక్కటే. నాలుగు మాత్రలకో అడుగు, చరణానికి నాలుగడుగులు. జయ జయ, వరహా, లయ్య ద, యానిధి. అడుగులు కలిశాయి. తారురోడ్డు చేరేసరికి చాలీసా ముప్పై ఎనిమిదిసార్లు పూర్తయింది. మధ్యలో ఎక్కడో సుమ కూడా పళ్ళు బిగించి 'సర్వే మళ్ళీ చేసిన జయజయ' అంది. అక్కణ్ణుంచి ఆటోలో తీసుకెళ్తే ఆసుపత్రి గుమ్మంలో ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం.

నూకరత్నం బురద చీరతోనే నేరుగా విభాగానికి వెళ్ళింది. "సార్, నిండు చూలాలిని మూడు కిలోమీటర్లు మీ చాలీసా పాడుకుంటూ మోసుకొచ్చాం. ఇకనైనా సిగ్గుపడండి" అంది.

వరహాలరావు గారు లేచి నిలబడ్డాడు. కళ్ళు చెమర్చాయి. "పాడుకుంటూనా? అడుగులు కలిశాయా?" అని అడిగి, అక్కడికక్కడే రాసుకున్నాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. చాలీసా సాయంతో రాకపోకలు సాఫీగా సాగుతున్నట్టు రచయిత్రే స్వయంగా ధ్రువీకరించినందున, పనసగరువు రోడ్డు అవసరం తీరినట్టుగా భావించడమైనది. లోయ పైనున్న మిగతా పన్నెండు గ్రామాలకు రోడ్డుకు బదులుగా గ్రామానికి నాలుగు చాలీసా ప్రతులు మంజూరు. డోలీ మోసేవారికి తలా ఒకటి.