గడియ లేని గది

చింతాద్రిపేటలో యతిరాజులు కాపురం కొళాయి దగ్గర సాగేది. ఇంట్లో ఉన్న ఒక్క గదినీ పెద్దవాళ్లు కొత్త దంపతులకే ఇచ్చారు. కాకపోతే ఆ గదిలో బియ్యం డబ్బా, ఊరగాయ జాడీలు, మేనత్త చెంగమ్మ ట్రంకుపెట్టె కూడా కాపురముండేవి. తలుపుకు గడియ లేదు. అమ్మ అలమేలు ఊరగాయ కోసం, మేనత్త చీర కోసం, నాయన రంగనాథం ఎందుకొచ్చాడో తనకే గుర్తులేక, వేళాపాళా లేకుండా లోపలికి వచ్చేవారు. పాపం, ఎవరి మనసులోనూ చెడు లేదు. అందుకే ఎవరినీ ఏమీ అనడానికి లేదు.

కనుక తెల్లవారి ఆరింటికి కార్పొరేషన్ నీళ్లు వచ్చినప్పుడు, బిందెలో పడే ధార చప్పుడు చాటున మొగుడూ పెళ్లాలు మాట్లాడుకునేవారు. కొళాయి సన్నగా వచ్చి బిందె నిదానంగా నిండిన రోజున కాపురం ఇంకాస్త బాగుండేది.

పట్నంలో ట్రాములు ఆగిపోయిన మరుసటి ఏడాది, ఒక శనివారం ధార కొంచెం జోరుగానే వచ్చింది.

"ఈ పొద్దు ఒంటిపూట ఆఫీసు. మధ్యాహ్నం మనిద్దరమే మెరీనాకి పోదాం," అన్నాడు యతిరాజులు గొంతు తగ్గించి.

"బీచి అంటే అందరూ బయల్దేరతారు. పోయినసారి పులిహోర గూడా వచ్చింది," అంది కన్యక.

"పన్నునొప్పి అని చెప్పు. పన్ను డాక్టరు దగ్గరికంటే ఎవరొస్తారు?"

కన్యక ముఖం వెలిగిపోయింది. పెళ్లయిన ఆరు నెలల్లో ఆమె మొగుడితో ఒక్క గంట తీరిగ్గా మాట్లాడి ఎరగదు. నొప్పి ఏ పక్క పన్నుకో తేల్చుకునేలోపే బిందె నిండిపోయింది.

రెండున్నరకు యతిరాజులు ఇల్లు చేరేసరికి వాకిట్లో జట్కా నిలబడి ఉంది. నాయన కోటు తొడుక్కున్నాడు.

"ఏందమ్మా ఇదంతా?"

"కొత్త కోడలురా! నొప్పితో అల్లాడతాంటే ఒంటిగా పంపేదా? రేపు వాళ్లమ్మ నన్నేమంటాది?" అంది అలమేలు.

"ఎడమ దవడకి లవంగం పెట్టినా," అంది చెంగమ్మ.

"ఎడమేంది వదినా? నాకాడ కుడి దవడ పట్టుకొని ఏడ్చింది!"

"అయ్యో, రెండు పక్కలా? శీఘ్రం ఎక్కండి," అన్నాడు రంగనాథం. "నాది గూడా ఒకటి కదులుతా ఉండాది, చూపిస్తా."

జట్కాలో యతిరాజులు తోలేవాడి పక్కన, కన్యక అత్తలిద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. బీచికి తిరిగే మలుపు రాగానే ఇద్దరూ ఒకేసారి అటు చూశారు. జట్కా మాత్రం తిన్నగా పోయింది.

పన్ను డాక్టరు జనార్దనం కన్యకను కుర్చీలో కూర్చోబెట్టి, చిన్న ఇనుప కడ్డీతో ఒక్కో పన్నూ తట్టి చూశాడు. "ఏ పన్నమ్మా?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అన్నీ రాళ్ల మాదిరి ఉండాయే! ఈ అమ్మాయికి నొప్పేంది?"

అలమేలు ముఖం మారిపోయింది. "అట్లయితే పొద్దుట్నించీ నా ముందర ఏడ్చిందంతా వేషమా?"

కోడలు అబద్ధాలకోరని ఒకసారి పేరు పడితే ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్లు చెప్పుకుంటారు. కన్యక మొగుడి వంక చూసింది. ఆ చూపు యతిరాజులు భరించలేకపోయాడు.

"నొప్పి నాకు," అన్నాడు. "భయమేసి ఆమెకని చెప్పించినా."

"అనుకున్నా!" అంది అలమేలు. "చిన్నప్పుడు గూడా సూది అంటే మంచం కింద దూరేవాడు. మొగుడి పరువు కోసం నా బంగారుతల్లి ఎంత పాటు పడింది!"

కన్యక దిగింది, యతిరాజులు ఎక్కాడు. వెతికేవాడికి దొరక్కపోదు. కుడి దవడలో ఒక పన్నుకు చిన్న తొర్ర కనిపించింది. డాక్టరు పన్ను పీకే పటకారు అందుకున్నాడు, నాయన కొడుకు భుజాలు పట్టుకున్నాడు. ఆ తర్వాత యతిరాజులు పెట్టిన కేక వీధిలో నిలబడ్డ జట్కా గుర్రానికి కూడా వినిపించింది.

"రేపంతా గదిలో పడుకోవల్ల. చలిగాలి తగలకూడదు. దగ్గర ఎవురూ గోల చెయ్యకూడదు," అన్నాడు డాక్టరు.

అలమేలుకు డాక్టరు మాటంటే గురి. ఆ సాయంత్రమే బియ్యం డబ్బా, జాడీలు, ట్రంకుపెట్టె హాల్లోకి వచ్చేశాయి. తలుపు ఊరికే తెరుచుకుంటుంటే గాలి కొడుతుందని రంగనాథం లోపలి వైపు ఇత్తడి గడియ బిగించాడు. వేడి కాపడం పెట్టడానికి కన్యకను లోపలికి పంపి, "గడియ వేసుకో తల్లీ!" అంది అత్తగారు.

కన్యక గడియ వేసింది. రాత్రీ, మర్నాడు పగలూ తలుపు తట్టినవాళ్లు లేరు. మొగుడి నోట్లో దూది ఉంది కనుక ఆరు నెలల మాటలూ ఆమే మాట్లాడింది. అతను నవ్వబోయి నొప్పితో మూలిగినప్పుడల్లా హాల్లోంచి అలమేలు, "పాపం, బిడ్డ!" అనేది.

సోమవారానికి వాపు తగ్గింది. జాడీలు లోపలికి వచ్చాయి. ఇక గాలి భయం లేదని నాయన గడియ ఊడదీసి దాచిపెట్టాడు.

మంగళవారం కొళాయి దగ్గర కన్యక బిందె పెట్టి, తల వంచుకుని అడిగింది.

"ఇంకా ఎన్ని ఉండాయండీ?"

యతిరాజులు నాలుకతో లెక్కపెట్టుకున్నాడు. ముప్ఫై ఒకటి.