సామానుగది ముంగిట నా దిగ్విజయం

చిరంజీవి చెల్లికి నీ పెద్దమ్మ కూతురు ఆశీర్వదించి వ్రాయునది.

అక్కకున్న ధైర్యం నాకు లేదంటూ శుక్రవారం టికెట్టు రద్దు చేసుకోబోతున్నావట! పిన్ని చెప్పగానే నా ప్రాణం ఉసూరుమంది. నా ఒంటరి యాత్రలో నువ్వు చూసినవి ఫోటోలే తల్లీ, యుద్ధం చూడలేదు. విను.

ప్రచండ మార్తాండుడు నడినెత్తిన జ్వలించు వేళ, అసంఖ్యాక ప్రయాణిక పాదఘట్టన సంజాత ధూళిపటల ధూసరితమైన స్టేషనున, మారవలసిన రెండవ రైలునకు నలుబది నిమిషములు మాత్రమే మిగిలియుండగా, మూడు సీసాల నీటిని అవలీలగా పానమొనర్చిన నీ అక్క పొత్తికడుపున మహాసముద్రము ఘూర్ణిల్లెను. మరుగుదొడ్డి కనుచూపు మేరనే యున్నది. కాని నాలుగు దినముల యాత్రకై పదునాలుగు జతల బట్టలను, ఇస్త్రీపెట్టెను గర్భమున ధరించిన మహాకాయ సూట్‌కేసు ఆ ద్వారమున పట్టలేదు. బయట వదలుదమన్న చోరభయము. కాచుటకు తోడెవ్వరు? ఒంటరి యాత్ర యనగా ఇదియే కదా!

పెట్టె నీడ్చుచు, మోకాళ్లు బిగించి, ప్రయాణికుల పెట్టెలను కాచి యుంచు సామానుగదికి దండెత్తితిని. అచ్చటి గుమాస్తా తలెత్తకుండా అన్నాడు:

"తాళం లేని పెట్టె తీసుకోమమ్మా. టికెట్టు, గుర్తింపు కార్డు కూడా చూపించాలి."

ఎదుటి కొట్టున తాళము కొంటిని. కాని టికెట్టు, కార్డు? భద్రముగా నుండునని పెట్టె అడుగున దాచిన మహామేధావిని నేనే! అంతలో అమ్మ ఫోను. అంతా బాగుందని బొంకి పెట్టేశాను.

"ఓసీ పేటికా! నా పరువు తీసినను సరియే, నా పత్రములిమ్ము!" అని మనసున గర్జించి, వరుసలో నిలిచిన జనసమూహము గుడ్లప్పగించి చూచుచుండగా, లంగాలు, తువ్వాళ్లు దశదిశలా విసరి, ఇస్త్రీపెట్టె క్రింద టికెట్టును, కార్డును పట్టితిని. పెట్టె నప్పగించి రసీదు పుచ్చుకొనునప్పటికి రైలు కూత వేసెను. కుడివైపు రైలు. ఎడమవైపు మరుగుదొడ్డి. క్షణమాత్రము తటపటాయించి ఎడమకే పరుగిడితిని.

రైలు పోయింది. ఆ టికెట్టు ఇక చెల్లదన్నారు. బెంచీ మీద కూర్చుని కాసేపు ఏడ్చి, నాలుగింటి బండికి కొత్తది కొనుక్కున్నాను. ఇంట్లో మాత్రం బండి ఆలస్యమైందని చెప్పాను. నిజం నీకొక్కదానికే చెబుతున్నా.

భుజాన వేసుకుని మరుగుదొడ్డిలోకి పట్టుకెళ్లగలిగినంత సంచే సర్దుకో. టికెట్టు, కార్డు ఒంటి మీదే ఉండాలి. చిన్న తాళం ఒకటి పెట్టుకో. రెండు రైళ్ల మధ్య రెండు గంటలైనా ఉంచుకో. పిన్ని ఇస్త్రీపెట్టె పెడితే తీసెయ్. ఏడుపొస్తే ఏడు, ఎవరూ పట్టించుకోరు. నాకూ భయమేసిందే పిచ్చిదానా, చాలా భయమేసింది.

అయినను అష్టదిక్పాలకులు ఆలకింతురు గాక! ఆ మధ్యాహ్నమున నీ అక్క, ఏకాకినియై, ఎవ్వరి సాయమును లేక, రైలు పోయిన పోనిమ్మని, లోపల గడియ వేసికొన్నది!