గోడౌన్‌లో డౌన్ ఎక్కడ?

ఆ రోజు పొద్దున్న జగ్గారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా గాజువాకలో షేర్ ఆటో ఎక్కాలి, పోర్టు పక్కనున్న తమ గోడౌన్ గుమ్మం ముందు కొత్త బోర్డు నిలబెట్టాలి, పదకొండింటికి వచ్చే మలేషియా కంపెనీ వాళ్లకి నమస్కారం పెట్టాలి. వాళ్లు తమ సరుకు ఇక్కడే దింపుతామంటే, పద్నాలుగేళ్లుగా రాత్రి షిఫ్టులో మోకాళ్లు అరగదీసుకుంటున్న జగ్గారావుని పగటి సూపర్‌వైజర్ని చేస్తానని మేనేజర్ ఉమాశంకర్ మాటిచ్చాడు.

"పగలు డూటీ అయితే రాత్రి మనిషిలాగ తొంగుంతావు. ఈ ఒక్క రోజు ఆ నోరు అదుపులో ఎట్టుకో," అంది భార్య అసిరమ్మ, టిఫిన్ డబ్బా చేతికిస్తూ.

"నానేటి సేసేనే?" అన్నాడు జగ్గారావు. పాపం, నిజంగానే తెలియదు అతనికి.

జగ్గారావుకి తాగుడు లేదు, పేకాట లేదు. మాటలకి పుట్టుక చెప్పడం ఒక్కటే వ్యసనం. పూర్వం ఒక రాజు పక్క ఊళ్లో ఆగి గుర్రాన్ని దువ్వాడు కాబట్టి అది దువ్వాడ అయిందట. స్త్రీ చేత చేయించాలనే ఇస్త్రీకి ఆ పేరట. ఇస్త్రీ చేసుకునే మగవాళ్ల సంగతేమిటని అడిగితే, వాళ్లు తర్వాత వచ్చారనేవాడు. విన్నవాళ్లు నవ్వుకుని వెళ్లిపోయేవాళ్లు, ఇతను ఒప్పుకున్నారనుకునేవాడు.

అలాంటివాడికి మేనేజర్ ముందు రోజు అప్పగించిన పని, అతిథుల కోసం గోడౌన్ గురించి రెండు ముక్కలు రాయించమని. కోతికి కొబ్బరికాయ దొరికింది. సాయంత్రానికల్లా పెయింటరు ఎర్ర అక్షరాలతో రాసేశాడు: 'సరుకును కిందికి దించే చోటు కనుక తెల్లదొరలు దీనికి గో-డౌన్ అని పేరు పెట్టిరి.' కింద ఇంగ్లీషులో కూడా.

రాస్తుండగానే ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే కీర్తన అడ్డుపడింది. యూనివర్సిటీలో భాషాశాస్త్రం చదివి, ప్రస్తుతం లారీల నంబర్లు ఎక్కిస్తున్న గోదావరి జిల్లా పిల్ల.

"దీనికి ఆధారం ఏంటండీ?"

"ఆధారవేటి? మాటలోనే కనిపిస్తంది కదా! గో అంటే ఎల్లు, డౌన్ అంటే కిందకి."

"కనిపించడం ఆధారం కాదండీ. ముందు పాత రాతల్లో ఎలా రాశారో చూడాలి. నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు రాతల్లో ఇది 'గోడన్' అని ఉంటుంది. అందులో డౌన్ లేదు. తెలియని మాట నోట్లో పడితే జనం దాన్ని తెలిసిన ముక్కల్లోకి సాగదీస్తారండి. డౌన్ అలా తర్వాత వచ్చి చేరింది."

"దొరలు కట్టిన గోడౌనుకి దొరల మాట కాకుంటే ఇంకేటి?"

"దొరల మాటే అయితే వాళ్ల దేశంలోనూ అనాలి కదండీ. అక్కడ వేర్‌హౌస్ అంటారు. గోడౌన్ అన్నది ఈ తూర్పు రేవుల్లోనే ఎందుకు ఉంది?"

జగ్గారావు జాలిగా నవ్వాడు. సదువుకున్నోళ్లకి కళ్ల ముందున్నది కనపడదు అని తీర్మానించాడు.

మర్నాడు, బోర్డు నిలబెట్టాక, తొమ్మిదింటికి ఉమాశంకర్ వచ్చి చదివాడు. మెచ్చుకోలుగా తలూపాడు. తర్వాత గోడౌన్ వైపు చూశాడు. మళ్లీ బోర్డు చదివాడు.

"జగ్గారావూ, మన గోడౌన్ అరుగు లారీ ఎత్తుకి సమానంగా నేల మీద నాలుగు అడుగులు పైకి ఉందిగా. ఇందులో డౌన్ ఎక్కడ?"

పద్నాలుగేళ్లుగా రోజూ ఆ అరుగు ఎక్కుతున్న జగ్గారావు ఈ సంగతి ఇప్పుడే గమనించాడు.

"వాళ్లు అడిగితే ఏం చెప్తాం? మన బోర్డే అబద్ధమైతే మన తూకం నమ్ముతారా? ఏదో ఒక డౌన్ చూపించు!"

బోర్డు తీసేద్దామని ఒక్క మాట అంటే అక్కడితో పోయేది. కానీ తన పాండిత్యాన్ని తన చేత్తో పీకేయడానికి జగ్గారావుకి మనసొప్పలేదు.

"ఉందండి, మేనేజరు గారు. పాత డౌను కాటా కింద ఉంది."

కాటా అంటే లారీలు తూచే వేదిక. దాని కింద మనిషి దిగేంత గుంట ఉంటుంది. కాటా దగ్గర కూర్చునే కామరాజు గుండె బాదుకున్నాడు.

"బావా, పైన రేకు ఇప్పీసేవంటే తూకం ఆగిపోతాది! బయట లారీలు లైన్లో ఉన్నాయి. పైగా రాత్రి వానకి గుంట నిండా నీలే!"

"అరగంట పని బావా. నీలు తోడేసి, సున్నం కొట్టి, రెండు లైట్లెడితే దొరల కాలం వొచ్చేత్తాది."

నీళ్లు తోడేసరికి పదింపావు. సున్నం కొట్టేసరికి పదకొండు. ఈలోగా తూకానికి ఆగిన లారీలు గేటు దాటి, రోడ్డెక్కి, మలుపు దాకా బారులు తీరాయి. ఆ బారు చివర మలేషియా వాళ్ల కారు ఇరుక్కుంది. అరగంట హారన్లు విని విసిగిపోయి, నూరైని అనే వాళ్ల పెద్ద మేడమ్ ఎండలో కిలోమీటరు నడిచి, బురద కాళ్లతో గేటు దగ్గరకొచ్చింది.

ఉమాశంకర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె మాత్రం బోర్డు ముందు ఆగి, రెండుసార్లు చదివి, ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"ఆ డౌన్ చూడాలంటున్నారండీ," అంది కీర్తన.

జగ్గారావు దగ్గరుండి మేడమ్‌నీ కీర్తననీ నిచ్చెన మీదుగా గుంటలోకి దింపాడు. లోపల రెండు లైట్లు, తడి సున్నం, ఒక కప్ప. మేడమ్ గోడ మీద వేలితో రుద్దింది. సున్నం కింద నుంచి, కట్టినవాళ్లు సిమెంటులో గీసిన అంకెలు బయటపడ్డాయి: 2011.

"తెల్లదొరలు ఎప్పుడు వెళ్లిపోయారని అడుగుతున్నారండీ."

జగ్గారావు పగటి ఉద్యోగం కళ్లముందే కప్పతో పాటు గంతేసి పోతోంది. ఇంకో అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ బురదైన ఆవిడ కాళ్లు చూసి సిగ్గేసింది.

"సెప్పమ్మా, ఇదంతా నాను కల్పించీసేనని. పాత రాత ఒక్కటీ సూల్లేదు. ఈ పిల్ల సెప్పినా ఇన్లేదు."

కీర్తన చెప్పింది. మేడమ్ పకపకా నవ్వింది. గుంట మొత్తం నవ్వినట్టనిపించింది.

"వాళ్ల మలయ్ భాషలో గిడ్డంగిని 'గుదాంగ్' అంటారటండి. పోర్చుగీసు వర్తకులు అక్కడ విని 'గుదావ్' అన్నారు, వాళ్ల తర్వాత ఇంగ్లీషువాళ్లు అందుకున్నారు. వాళ్ల మాటకి మన బోర్డు మీద ఇంగ్లీషు తాతని చూసి ఆశ్చర్యపోయారట," అంది కీర్తన. "ఇంకోటండి. ఆ గుదాంగ్ కూడా ఓడల మీద మన వైపు నుంచే వెళ్లిందని చాలామంది పండితులంటారు. మన గిడ్డంగి."

జగ్గారావు నిచ్చెన మెట్టు మీద నిటారుగా నిలబడ్డాడు. "అయితే మన తెలుగు మాటేనన్నమాట! ఇంగ్లీషోడు మన దగ్గరే..."

"ఆగండాగండి! తమిళంలో కిడంగు కూడా ఉంది. సరుకు పడి ఉండే చోటని అర్థం. ఏది వెళ్లిందో తేలలేదు. మలయ్ దాకా రాతలున్నాయి. అవతలిది బలమైన ఊహ, అంతే."

"ఊహని కూడా ఊహేనని రాయాలేటి?"

"అదేనండి తేడా."

బోర్డు చెరిపించి, కీర్తన చెప్పినట్టే, తేలని చోట తేలలేదని రాయించారు. మేడమ్ ఆ చివరి వాక్యం చదివింది. తెలియంది తెలియదని రాసుకునే గోడౌనులో తూకం కూడా సరిగ్గానే ఉంటుందని, సరుకు ఇక్కడే దింపడానికి అప్పటికప్పుడే ఒప్పుకుంది. రేకు బిగించాక లారీలు కదిలాయి. కామరాజు మాత్రం సాయంత్రం దాకా బావతో మాట్లాడలేదు.

ఉమాశంకర్ జగ్గారావుని గదిలోకి పిలిచాడు. బల్ల మీద పగటి డ్యూటీ ఆర్డరు, చేతిలో పెన్ను. సంతోషంతో ఆయన మొహం వెలిగిపోతోంది.

"జగ్గారావూ, నాకూ ఒకటి తట్టిందయ్యా. సూపర్‌గా వైజ్ అయినవాడు కాబట్టి సూపర్‌వైజర్. అవునా, కాదా?"

లోపలికి టీ తెచ్చిన కీర్తన, "లాటిన్‌లో పైనుంచి చూసేవాడనండీ," అని జగ్గారావు చెవిలో గొణిగింది.

జగ్గారావు పెన్ను వైపు చూశాడు. సంతకం ఇంకా పడలేదు కనుక, మేనేజరు గారి వ్యుత్పత్తిని కాదనడానికి తన దగ్గర తగిన ఆధారాలు లేవని వినయంగా ఒప్పుకున్నాడు.