ఒక్క దమ్ము రుజువు

ఒక పెద్ద అడవిలో, ఆ ఏడుకొండలవాడి దయవల్ల, చెట్టూ చేమలతోపాటు ఒక ఆఫీసు కూడా ఉండేది. దయ కాస్త ఎక్కువైందనుకోండి!

ఆ రోజుకు ఎలుగుబంటి జాంబయ్య బీడీ మానేసి సరిగ్గా ఏడాది. నేస్తం ఏదుపంది పుల్లయ్య పొద్దున్నే వచ్చి, "లే బావా! పొగ మానినందుకు ఆఫీసువాళ్లు నీకు సన్మానపత్రం ఇస్తారట," అని లాక్కెళ్లాడు.

ఆ ఏడాది ఎలా గడిచిందో పుల్లయ్యకు తెలుసు. అంతకుముందు జాంబయ్య రెండుసార్లు మానాడు. రెండుసార్లూ "ఒక్క దమ్మే కదా" అని మళ్లీ అంటించాడు. మూడోసారి మానినప్పుడు మొదటి మూడు రోజులూ నిద్రలేదు, తన నీడతోనే తగువులాడాడు. టీ గ్లాసు పట్టుకుంటే రెండో చెయ్యి బీడీ కోసం వెతికేది. అందుకని నెలరోజులు మజ్జిగే. ఊపిరితిత్తులు శుభ్రపడుతుంటే దగ్గు ముందు పెరిగింది, తరవాత పోయింది. ఒళ్లు కూడా పెరిగింది. ఎలుగుబంటి కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు. దేవుడు ఎంత ముందుచూపున్నవాడో చూడండి!

ఆఫీసులో గుమాస్తా నక్క గవరయ్య. నోట్లో ఒక బీడీ, చెవి వెనక ఇంకోటి. పక్కన అధ్యక్షుడు ఏనుగు కళ్లు మూసుకుని ఉన్నాడు. అది ధ్యానమని అందరూ గౌరవంగా అనుకునేవారు.

"మానినట్టు రుజువేదీ?" అన్నాడు గవరయ్య.

"ఏడాదిగా తాగలేదండీ."

"తాగనిది ఎలా చూపిస్తావయ్యా? దానికో రూలుంది. మా ముందు ఒక్క దమ్ము లాగు. దగ్గొస్తే మానేసినట్టు. రాకపోతే తాగుతున్నట్టు."

అంటూ వెలిగించిన బీడీ జాంబయ్య చేతిలో పెట్టేశాడు.

పొగ ముక్కుకు తగిలింది. జాంబయ్య బీడీని మూతిదాకా తెచ్చాడు. "పుల్లయ్యా... పత్రం కోసమేగా... ఒక్కటే కదా?"

పుల్లయ్య ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఉపన్యాసం మాత్రం ఇవ్వలేదు. "ఈ యావ ఉండేది ఐదు నిమిషాలే బావా. నీకు తెలియందా?" అని ఒక లవంగం అందించాడు.

జాంబయ్య బీడీ తిరిగి ఇచ్చేశాడు. లవంగం బుగ్గన పెట్టుకున్నాడు. గుక్క గుక్కగా నీళ్లు తాగాడు. గది చుట్టూ తిరిగాడు. మూడో నిమిషం ప్రాణం మీదికొచ్చింది. నాలుగోది కాస్త నయం. ఐదో నిమిషానికి ఆ యావ వచ్చిన దారినే పోయింది.

"ఎంతసేపయ్యా! దమ్ము లాగడం మర్చిపోయావా? ఇదిగో, ఇలా!" అని గవరయ్య గట్టిగా లాగి చూపించాడు.

అంతే! రోజుకు రెండు కట్టల దగ్గు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. బల్లమీది కాగితాలు కిటికీలోంచి ఎగిరిపోయాయి.

ఏనుగు ధ్యానం చెదిరింది. "ఎవరక్కడ దగ్గింది? రూలు ప్రకారం మానేసినట్టే!" అని పత్రం మీద ముద్ర గుద్ది, దండ గవరయ్య మెడలో వేశాడు.

"మరి మా బావో?" అన్నాడు పుల్లయ్య.

"దగ్గలేదుగా. తాగుతున్నాడని రాసుకోండి."

బయటికొచ్చాక జాంబయ్య ముక్కు పైకెత్తి నిలబడిపోయాడు. "పుల్లయ్యా, ఎక్కడో ఇప్పపూలు రాలుతున్నాయిరా! నిరుడు ఈ వాసనే నాకు తెలీలేదు."

"నాకూ ఇప్పుడే తెలిసింది బావా, ఏడాదిగా ముక్కు మూసుకోకుండా నీ పక్కన నడవగలుగుతున్నానని. పద, టీ తాగుదాం. ఉత్త టీయే!"

కాబట్టి శ్రోతలారా, ఈ కథలోని నీతి ఏమిటంటే: పొగ మానినందుకు సన్మానం కావాలంటే, ముందు బాగా తాగి దగ్గడం నేర్చుకోవాలి!