అసలు సిసలు తాళాల కంపెనీ

నాగరిక సమాజంలో తాత ఒక్కడే ఉండాలి, ఆయన బోర్డులు మాత్రం ఎన్నయినా ఉండవచ్చు. ఈ సూత్రం ప్రకారమే తాళాల వీధిలో ఒకే ఇంటిపేరుతో మూడు కంపెనీలు వర్ధిల్లుతున్నాయి. పెదనాన్న కొడుకుది ‘అసలు’, రెండో పెదనాన్న కొడుకుది ‘అసలైన’, మన చిన్నవాడిది ‘అసలు సిసలు’. మూడు బోర్డుల మీదా తాతగారి ఫొటోయే. (మూడోదాంట్లో మీసం కొంచెం ఎక్కువ.)

చిన్నవాడికి ఒకటే కోరిక: ‘వందేళ్ల సంస్థ’ అనే ఇత్తడి ఫలకం. ప్రభుత్వం ఒక్కో తాతకు ఒకటే ఇస్తుంది. అది చూసి అన్నలిద్దరూ కుళ్లిపోవాలి. అంతకు మించిన వ్యాపార ప్రణాళిక అతని దగ్గర లేదు.

వారసత్వ నిర్ధారణ శాఖ అధికారిణి దరఖాస్తు పక్కన పెట్టింది.

“ఇంటిపేరు చూసి తేల్చలేమండీ, అది ముగ్గురికీ ఉంది. మీ తాతగారూ కొడుకులూ నడిపింది భాగస్వామ్య సంస్థ. అన్నదమ్ములు విడిపోయిన రోజునే అది రద్దయింది. మీ కంపెనీలు మూడూ తర్వాత పుట్టినవే. పంపకాల పత్రంలో ఎవరికేం దక్కిందో చూపించండి.”

చూపించాడు. పెద్దాయనకు కార్ఖానా, యంత్రాలు. రెండో ఆయనకు దుకాణం, సరుకు. చిన్నవాడి నాన్నకు ట్రేడ్‌మార్కు, గుడ్‌విల్ అనే మంచిపేరు, అంటే గాలి. (ఆ రాత్రి నాన్న ఏడ్చాడని అమ్మ చెప్పేది.) ఆ మార్కును నాన్న తన కంపెనీకి బదిలీ చేసి, రిజిస్టర్లో ఎక్కించిన కాగితం కూడా తీశాడు.

“గొలుసు తెగలేదు. వారసులు మీరే,” అంది అధికారిణి.

చిన్నవాడి ఛాతీ ఉబ్బింది. ఆవిడ ఫలకంతో పాటు ఒక ఫిర్యాదు కూడా బల్ల మీద పెట్టింది. తాతగారు జీవితకాల పూచీ ఇచ్చి జైలుకు చేసిన తాళాలు ఈమధ్య గరిటె కాడతో తెరుచుకుంటున్నాయట. (ఖైదీలు మర్యాదస్తులు కాబట్టి లోపలే ఉన్నారు.)

“పూచీ మాత్రం మీ ఒక్కరిదే కాదండీ. విడిపోకముందు అమ్మినవాటికి భాగస్వాములందరూ బాధ్యులే. వాళ్లు పోతే, వాళ్ల ఆస్తి అనుభవిస్తున్నవాళ్లు.”

చిన్నవాడు ఏళ్ల తర్వాత పెద్దన్నకు ఫోన్ చేశాడు.

“పేరు నీకేగా వచ్చింది, నువ్వే చూసుకో,” అన్నాడు పెద్దన్న. పూచీ తన ఆస్తి మీదికీ వస్తుందని వినగానే రెండోవాణ్ణి కూడా బండెక్కించుకుని వచ్చేశాడు.

ముగ్గురూ ఆ ఆఫీసులో ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు.

“పిన్ని మోకాళ్లెలా ఉన్నాయిరా?” అని పెద్దన్న అడిగాడు. “అలాగే ఉన్నాయన్నా,” అన్నాడు చిన్నవాడు. ఇంత దగ్గరగా కూర్చుని ఎన్నేళ్లయిందో!

ఆ ప్రేమలోనే ముగ్గురూ కలిసి ఒక వాంగ్మూలం తయారుచేశారు: సదరు తాళాలు చేసిన వ్యక్తి ఎవరో తమకు తెలియదు, పేరు కలవడం కేవలం కాకతాళీయం. చిన్నవాడు ఫలకాన్ని తిరిగి అధికారిణి వైపు జరిపాడు.

కింద ముగ్గురూ వరుసగా సంతకాలు పెట్టారు, ఇంటిపేరుతో సహా.